జంటపదాల వరుసకు గౌరవం కారణమా? నారాయణఖేడ్ సరిహద్దు నుంచి ఒక ఖండన

తెలుగు శాఖల తరగతి గదుల్లోనూ సదస్సుల్లోనూ తరచుగా వినిపించే వాదం ఒకటి ఉంది. ‘తల్లిదండ్రులు’ అంటాం గాని ‘తండ్రితల్లులు’ అనం. కాబట్టి తెలుగు జాతి తల్లికి తొలి స్థానం ఇచ్చింది. ‘అన్నదమ్ములు’ అంటాం గాని ‘తమ్మన్నలు’ అనం. కాబట్టి పెద్దవానికి పెద్దరికం ఇచ్చింది. జంటపదంలో ముందు నిలిచినది గౌరవంలో కూడా ముందున్నదని, పదాల వరుస సమాజపు విలువల వరుసకు అద్దమని ఈ వాదం సారాంశం. వినడానికి ఇంపుగా ఉండటం వల్ల దీనిని పరీక్షకు పెట్టినవారు తక్కువ. పరీక్షకు పెడితే ఇది నిలవదు. నిలవకపోవడమే కాక, జంటపదాల వరుస ఎందుకు తిరగబడదన్న అసలు ప్రశ్నను ఇది మరుగుపరుస్తున్నది.

ఈ పరీక్షకు నారాయణఖేడ్ ప్రాంతం కంటే అనువైన చోటు అరుదు. నేటి సంగారెడ్డి జిల్లాలోని ఈ పట్టణం 2016కు ముందు మెదక్ జిల్లాలో ఉండేది. అంతకుముందు, 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు, నారాయణఖేడ్ తాలూకా హైదరాబాదు రాజ్యంలోని బీదర్ జిల్లాలో భాగం. పునర్వ్యవస్థీకరణలో బీదర్ మైసూరు రాష్ట్రానికి పోగా, ఈ తాలూకా తెలుగు ప్రాంతంలో చేరింది. రేఖలు మారినా మాటలు మారలేదు. ఇక్కడి సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఒకదాని పక్కన ఒకటి వినిపిస్తాయి. ఒకే మనిషి అంగడిలో ఒక భాష, ఇంట్లో మరొక భాష మాట్లాడటం ఇక్కడ విశేషం కాదు. అంటే ఒకే నేల, ఒకే పంట, దాదాపు ఒకే రకమైన కుటుంబ వ్యవస్థ, నాలుగు భాషలు. జంటపదాల వరుస సమాజపు విలువల నుంచి పుట్టేదే అయితే ఈ నాలుగు భాషల్లోనూ వరుస ఒకటిగా ఉండాలి.

మూడు జంటలు, నాలుగు భాషలు

మొదటి జంట శరీరానికి సంబంధించినది. తెలుగువాడు ‘కాళ్ళుచేతులు’ కడుక్కుంటాడు. ఆందోళనలో అతనికి ‘కాళ్ళూచేతులూ’ ఆడవు. కన్నడిగునిది ‘కైకాలు’, చేయి ముందు, కాలు వెనుక. మరాఠీలో ‘హాత్‌పాయ్’, ఉర్దూలో ‘హాథ్‌పావ్’. అక్కడా చేయే ముందు. తెలుగులోనే వాడే సంస్కృత సమాసం ‘కరచరణాలు’ కూడా చేతినే ముందు నిలుపుతుంది. గౌరవ సిద్ధాంతం ప్రకారం ఆలోచిస్తే తెలుగువారు కాలిని చేతికంటె గొప్పదిగా భావించారని, అదే తెలుగువారు సంస్కృత పదం పలికిన క్షణంలో మనసు మార్చుకొన్నారని చెప్పవలసి వస్తుంది. ఆ మాట అనడానికి ఆ సిద్ధాంతపు పక్షపాతులు కూడా సిద్ధపడరు.

రెండవ జంట తల్లీతండ్రీ. తెలుగులో ‘తల్లిదండ్రులు’, ‘అమ్మానాన్న’. మరాఠీలో ‘ఆయీవడీల్’ లేదా ‘ఆయీబాప్’, ఉర్దూలో ‘మాబాప్’. ఇవన్నీ తల్లితో మొదలవుతాయి. కన్నడంలో మాత్రం వాడుకలో బలంగా స్థిరపడినది ‘తందెతాయి’, తండ్రి ముందు. నారాయణఖేడ్ నుంచి బీదర్ వైపు పోయే దారిలో ఏ మలుపు దగ్గర తల్లి గౌరవం తగ్గిపోతుంది? రెండు భాషలూ తెలిసిన మనిషి ఒక వాక్యంలో ‘తల్లిదండ్రులు’ అని, మరుసటి వాక్యంలో ‘తందెతాయి’ అన్నప్పుడు అతని హృదయంలో ఏమి మారింది? ఏమీ మారలేదు. మారినది భాష ఒక్కటే.

మూడవది పగలూరాత్రీ. తెలుగులో ‘రేయింబవళ్ళు’, రాత్రి ముందు. కన్నడంలో ‘హగలిరుళు’, పగలు ముందు. ఉర్దూ ‘దిన్‌రాత్’ పగటితో మొదలవుతుంది. మరాఠీ ‘రాత్రందివస్’ రాత్రితో మొదలవుతుంది, ఆ భాషలో పగటితో మొదలయ్యే జంట కూడా ఉన్నది. సంస్కృతంలో ‘అహోరాత్రం’ పక్కనే ‘రాత్రిందివం’ ఉన్నది. వెలుగును ముందుంచాలన్న భావం గాని, దినం సూర్యోదయంతో మొదలవుతుందన్న లెక్క గాని ఈ చెదరిన వరుసను వివరించలేదు.

ఈ మూడు జంటల నుంచి తేలేది పరిమితమైన విషయమే, కాని తిరుగులేనిది. ఒకే సమాజంలో, ఒకే అర్థం గల జంటకు, భాషను బట్టి వరుస తలకిందులవుతున్నది. కాబట్టి అర్థమొక్కటే వరుసను నిర్ణయించదు. అర్థంలోని ఒక అంశమైన గౌరవం ఒక్కటే నిర్ణయించడం అసలే సాధ్యం కాదు.

ఒక్క భాషలోనే తిరగబడే సిద్ధాంతం

పొరుగు భాషల సాక్ష్యం వద్దనుకొన్నా తెలుగు జంటపదాలే ఈ సిద్ధాంతానికి ఎదురు నిలుస్తాయి. భార్యాభర్తల సంబంధానికి తెలుగులో ‘ఆలుమగలు’, ‘భార్యాభర్తలు’, ‘మొగుడూపెళ్ళాం’ అన్న మూడు జంటలు ఉన్నాయి. మొదటి రెండింటిలో స్త్రీ ముందు, మూడవదానిలో పురుషుడు ముందు. గౌరవవాది మొదటి రెండింటికి స్త్రీ పట్ల మన్ననను, మూడవదానికి పురుషాధిక్యతను కారణంగా చూపుతాడు. ప్రతి జంటకూ ఒక కొత్త కారణం దొరికే సిద్ధాంతం ఏ జంటనూ వివరించినట్లు కాదు. ఏది ఎదురైనా ఒప్పే సిద్ధాంతాన్ని ఏ సాక్ష్యమూ తప్పని చూపలేదు. అందుకే అది పరిశోధనకు పనికిరాదు.

‘చావుబతుకులు’ మరింత సూటియైన సాక్ష్యం. మనిషి ‘చావుబతుకుల మధ్య’ కొట్టుమిట్టాడతాడు గాని ‘బతుకుచావుల మధ్య’ కాదు. తెలుగువారు బతుకు కంటె చావును ఎక్కువగా ఆదరించారని ఎవరూ అనరు. అదే అర్థంలో ‘జననమరణాలు’ అన్నప్పుడు పుట్టుక ముందుకు వస్తుంది. ‘సుఖదుఃఖాలు’ అనేటప్పుడు మేలు ముందు, ‘కష్టసుఖాలు’ అనేటప్పుడు కీడు ముందు. ‘చిన్నాపెద్దా’ అందరూ జాతరకు పోతారు. అక్కడ పెద్ద వెనుకనే ఉన్నాడు.

ఇక ఈ సిద్ధాంతానికి ఆయువుపట్టుగా చెప్పే బంధువాచకాలను చూడాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాతామనవళ్ళు, అత్తాకోడళ్ళు, మామాఅల్లుళ్ళు. అన్నింటిలోనూ పెద్ద ముందు, చిన్న వెనుక. ఇంతకంటె స్పష్టమైన ఆధారం ఉండదనిపిస్తుంది. అయితే ఈ జంటల్లోనే మరొక వరుస కూడా ఉన్నది. అన్న, అక్క, తాత, అత్త, మామ అన్న మాటలకు తలా రెండే అక్షరాలు. తమ్ముడు, చెల్లెలు, కోడలు, అల్లుడు అన్న మాటలకు తలా మూడు, మనవడు అన్న మాటకు నాలుగు. తెలుగులో పెద్దవారిని పిలిచే మాటలు పొట్టివి, చిన్నవారిని చెప్పే మాటలు పొడుగువి. అందువల్ల ‘పెద్ద ముందు’ అన్న నియమమూ ‘పొట్టి ముందు’ అన్న నియమమూ ఈ జంటల్లో ఒకే ఫలితాన్ని ఇస్తాయి. రెండు కారణాలకూ సమానంగా ఒప్పే ఉదాహరణ రెండింటిలో ఏ ఒక్కదానికీ రుజువు కాజాలదు.

రెండింటినీ విడదీయాలంటే అవి ఒకదానితో ఒకటి తలపడే జంట కావాలి. అటువంటి జంట తెలుగులో ఉన్నది: ‘తాతముత్తాతలు’. ముత్తాత తాతకు తండ్రి. వయసులోనూ వరుసలోనూ పెద్ద. గౌరవ నియమం ప్రకారం ముత్తాత ముందు నిలవాలి. పొడుగు నియమం ప్రకారం రెండక్షరాల తాత ముందు, మూడక్షరాల ముత్తాత వెనుక ఉండాలి. భాష ఎవరి మాట విన్నదో అందరికీ తెలుసు.

పాణిని చెప్పినది, చెప్పనిది

గౌరవ సిద్ధాంతానికి శాస్త్రబలం ఉందని చెప్పేవారు సంస్కృత వ్యాకరణాన్ని ఉదాహరిస్తారు. పూజ్యమైనది ద్వంద్వంలో పూర్వపదమవుతుందన్న మాట అక్కడ ఉన్నది నిజమే. వ్యాఖ్యాతలు దానికి మాతాపితరుల జంటను ఉదాహరణగా చూపినదీ నిజమే. కాని అది పాణిని సూత్రం కాదు. తర్వాత వచ్చిన వార్తికం. పాణిని స్వయంగా ద్వంద్వంలో పూర్వపదాన్ని నిర్ణయించడానికి అష్టాధ్యాయి రెండవ అధ్యాయం రెండవ పాదంలో చేసిన మూడు సూత్రాలు, 32 నుంచి 34 వరకు, పూర్తిగా ధ్వనికి సంబంధించినవి. హ్రస్వ ఇకార, ఉకారాలు చివర గల పదం ముందు నిలవాలన్నది మొదటిది. అచ్చుతో మొదలై హ్రస్వ అకారంతో ముగిసే పదం ముందు నిలవాలన్నది రెండవది. తక్కువ అచ్చులు గల పదం ముందు నిలవాలన్నది మూడవది. రెండు అచ్చుల ప్లక్షం, మూడు అచ్చుల న్యగ్రోధం కలిసినప్పుడు ప్లక్షం ముందు వస్తుంది. ఆ చెట్లలో ఏది పూజ్యమన్న ప్రశ్న అక్కడ లేవనే లేవదు.

వీటికి ముందున్న 31వ సూత్రం మరింత ఆలోచింపజేసేది. నియమాలకు లొంగని సమాసాలను పాణిని ఒక గణంగా చేర్చి, వాటి వరుసను ఉన్నది ఉన్నట్టుగా అంగీకరించాడు. అంటే ధ్వని నియమాలు, వాటికి తోడుగా ఒక పట్టిక. దీని మీద తరువాతి వారు అర్థ నియమాలు చేర్చారు. తెలుగు విమర్శ ఈ మొత్తం నిర్మాణంలో చివర చేరిన ఒక్క ఇటుకను పట్టుకొని, పునాదిని వదిలేసింది.

తెలుగు వ్యాకరణంలో పరిస్థితి వేరు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ద్వంద్వ సమాసంలో ఉత్తరపదం తొలి పరుషం గసడదవలుగా మారుతుందని చెప్పాడు. తల్లిదండ్రులు, కాలుసేతులు, కూరగాయలు ఈ మార్పుకు పరిచితమైన రూపాలు. తండ్రిలోని తకారం దకారమైంది, చేతిలోని చకారం సకారమైంది. రెండవ స్థానంలో నిలిచినందుకు గుర్తు ఆ పదం ఒంటిమీదనే పడింది. అయితే రెండవ స్థానంలో నిలిచినదానికి ఏమి జరుగుతుందో ఆ సూత్రం చెబుతుంది గాని, ఏది రెండవ స్థానంలో నిలవాలో చెప్పదు. సూత్రాన్ని మాత్రమే అనుసరించేవాడు ‘తండ్రిదల్లులు’ అన్నా సూత్రభంగం కాదు; భాషాభంగం మాత్రం అవుతుంది. ద్వంద్వంలో రెండు పదార్థాలూ సమ ప్రధానాలన్న నిర్వచనం ఈ లోటును మరింత కప్పిపుచ్చింది. అర్థంలో సమానం కాబట్టి స్థానంలోనూ సమానమే అన్న భ్రమ కలిగింది. ఆ ఖాళీలోకి గౌరవ సిద్ధాంతం సులభంగా జొరబడింది.

తెలుగు చెవికి నచ్చిన వరుస

గౌరవం కాకపోతే మరేమిటి? తెలుగు జంటపదాలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు మొగ్గులు స్పష్టంగా కనబడతాయి. రెండూ పాణిని గుర్తించిన వాటికి దగ్గరివే.

మొదటిది, అచ్చుతో మొదలయ్యే పదం ముందు నిలవడం. అమ్మానాన్న, ఆడామగా, ఆటపాటలు, ఆకలిదప్పులు, అందచందాలు, ఆస్తిపాస్తులు, ఇల్లూవాకిలీ, ఇరుగుపొరుగు, ఉప్పూపప్పూ, ఊరూవాడా, ఎండావానా, ఎత్తుపల్లాలు. ఇన్ని జంటల్లో అచ్చు ముందు, హల్లు వెనుక ఉండటం యాదృచ్ఛికం కాదు. దీనికి కారణం తెలుగు సంధిలో వెదకవచ్చు. అచ్చుతో మొదలయ్యే పదం రెండవ స్థానానికి పోతే మొదటి పదం చివరి అచ్చు దానిలో కరిగిపోయి, రెండు పదాల మధ్య అంచు చెదురుతుంది. హల్లుతో మొదలయ్యే పదం వెనుక ఉంటే రెండు పదాలూ తమ రూపం నిలుపుకొంటాయి. ‘ఇల్లూవాకిలీ’లో రెండు మాటలూ వేరువేరుగా వినబడతాయి. తలకిందులైతే ఆ స్పష్టత ఉండదు.

రెండవది, తక్కువ అక్షరాల పదం ముందు నిలవడం. సిరిసంపదలు, చావుబతుకులు, రేయింబవళ్ళు, తాతముత్తాతలు, స్త్రీపురుషులు ఈ దారిలో నడుస్తాయి. స్త్రీ ఒక్క అక్షరం, పురుషుడు అంతకంటె పొడుగు. ఇక్కడ స్త్రీకి దక్కినది అక్షరాలు తక్కువైనందుకు వచ్చిన స్థానం. రెండు మొగ్గులూ తలపడినచోట పొడుగే గెలిచిన జంట ‘మామాఅల్లుళ్ళు’. అల్లుడు అచ్చుతో మొదలైనా మూడక్షరాలు కావడం వల్ల వెనుకకు పోయాడు.

ఇప్పుడు నారాయణఖేడ్ సంతలోని మొదటి చిక్కుకు తిరిగి పోవచ్చు. కన్నడ ‘కై’, తెలుగు ‘చేయి’ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చినవి. తెలుగులో తాలవ్యాచ్చుకు ముందున్న కకారం చకారమైంది. ‘కాలు’ రెండు భాషల్లోనూ ఒకటే. అంటే రెండు భాషలకూ వారసత్వంగా దక్కినవి ఒకే రెండు మాటలు. కన్నడంలో చేతి మాట ఒక్క అక్షరంగా నిలిచింది. రెండక్షరాల కాలుకు ముందు చోటు సంపాదించి ‘కైకాలు’ అయింది. తెలుగులో ఆ మాట పెరిగింది. ఏకవచనంలో ‘చేయి’ రెండక్షరాలై కాలుతో సమానమైంది. బహువచనంలో ‘చేతులు’ మూడక్షరాలై ‘కాళ్ళు’ కంటె పొడుగైంది. శరీర భాగాల జంట సహజంగా బహువచనంలోనే వాడబడుతుంది కాబట్టి పొట్టిదైన ‘కాళ్ళు’ ముందుకు వచ్చింది. ‘కరచరణాలు’లో కర రెండక్షరాలు, చరణ మూడు, అందువల్ల అక్కడ చేయి ముందు నిలిచింది. ‘కైకాలు’, ‘కాళ్ళుచేతులు’, ‘కరచరణాలు’ అన్న మూడు జంటలను ఒకే నియమం వివరిస్తున్నది. గౌరవ సిద్ధాంతానికి ఈ మూడింటికీ మూడు కథలు కావాలి.

నియమాలు ఆగే చోటు

ధ్వని నియమాలు అన్నింటినీ వివరిస్తాయని చెబితే అది మరొక అతివాదం అవుతుంది. ‘తప్పొప్పులు’ అచ్చు ముందుండాలన్న మొగ్గును ధిక్కరిస్తుంది. ఒప్పు అచ్చుతో మొదలై, మేలైన అర్థం కలిగి కూడా వెనుకనే ఉన్నది. ‘మొగుడూపెళ్ళాం’లో మూడక్షరాల మొగుడు రెండక్షరాల పెళ్ళానికి ముందు నిలిచాడు. మాత్రలు లెక్కించి మూడు మాత్రల మొగుడు నాలుగు మాత్రల పెళ్ళానికంటె పొట్టివాడని సమర్థించవచ్చు. కాని అవసరమైనప్పుడు కొలబద్దను మార్చడం గౌరవవాదులు చేసిన తప్పునే మళ్ళీ చేయడం. ఇటువంటివాటిని పాణిని మాదిరిగా పట్టికలో చేర్చడమే నిజాయితీ.

పదాలు బరువులో సమానమైనప్పుడు ఏమి జరుగుతుందన్నది మరింత విలువైన ప్రశ్న. కూర, కాయ రెండూ రెండక్షరాలవి, రెండూ హల్లుతో మొదలయ్యేవి. తెలుగులో ‘కూరగాయలు’ ఉన్నాయి, ‘కాయగూరలు’ కూడా ఉన్నాయి. ముల్లె, మూట కూడా అటువంటివే. తెలంగాణలో ‘ముల్లెమూట’ సదురుకొంటారు. ఇతర ప్రాంతాల్లో ‘మూటాముల్లె’ సర్దుకొంటారు. నియమం తీర్పు చెప్పనిచోట వాడుక తీర్పు చెబుతుంది. ఒక ప్రాంతం ఒక వరుసను ఎంచుకొని, పదే పదే పలికి, దానినే గడ్డకట్టిస్తుంది. తల్లి, తండ్రి రెండక్షరాల మాటలే. కన్నడ తందె, తాయి కూడా అంతే. బరువు దాదాపు సమానమైనచోట తెలుగు ఒక వైపు, కన్నడం మరొక వైపు గడ్డకట్టాయి. ఈ తేడాలో వెదకవలసిన నీతి ఏదీ లేదు.

ఇతర భాషల మీద జరిగిన పరిశోధన కూడా ఈ దిశలోనే సాగింది. యాకొవ్ మాల్కీల్ 1959లో తిరగబడని జంటల మీద వ్యాసం రాసినప్పుడే ఒక్క కారణంతో అన్నింటినీ వివరించలేమని చూపాడు. 1975లో విలియం కూపర్, జాన్ రాస్ మాట్లాడే మనిషి తనకు దగ్గరైనదానిని ముందు చెబుతాడన్న అర్థ నియమాన్ని ప్రతిపాదిస్తూనే, దాని పక్కన ధ్వని నియమాల వరుసను కూడా ఉంచారు. 2006లో సారా బెనోర్, రోజర్ లెవీ ఇంగ్లీషు జంటలను గణాంక పద్ధతిలో పరిశీలించి, అర్థ కారణం ఉన్నచోట అది ధ్వని కారణం కంటె బలంగా పనిచేస్తుందని తేల్చారు. ఈ చివరి ఫలితాన్ని గౌరవవాదులు తమ పక్షాన వాడుకోవచ్చు. వారు పరిగణించిన అర్థ కారణాల్లో అధికారం కూడా ఒకటి. కాని వాటిలో ముఖ్యమైనది పనులు జరిగే క్రమం. తెలుగులో ‘వండివార్చడం’ అంటాం, ఎందుకంటే వండిన తరువాతనే వార్చుతారు. ‘యోగక్షేమాలు’ అన్న పాత సమాసంలో పొందడం ముందు, పొందినదాన్ని కాపాడుకోవడం తరువాత. ఇటువంటి వరుస అర్థం నుంచి వచ్చినదే, అందులో సందేహం లేదు. దానికి ఆధారం కాలక్రమం, పూజ్యత కాదు. ఇక అధికారం వంటి కారణం అనేక జంటల మీద మొగ్గుగా మాత్రమే కనబడుతుంది. ఏదో ఒక్క జంటను పట్టుకొని అందులో జాతి హృదయం చదవడానికి అది అనుమతి ఇవ్వదు. 2016లో ఎమిలీ మోర్గన్, రోజర్ లెవీ చూపినది ఇక్కడ మరింత ముఖ్యం. అరుదైన జంటల్లో సాధారణ నియమాలు పనిచేస్తాయి. తరచుగా వాడే జంటల్లో విన్న అనుభవమే వరుసను నిలుపుతుంది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు ప్రతి నోటా నిత్యం పలికేవి. గౌరవ సిద్ధాంతం తనకు ఆధారంగా ఎంచుకొన్నవి సరిగ్గా అవే.

నష్టం ఎక్కడ

ఈ చర్చ కేవలం పండితుల వినోదమైతే ఇంత ఖండన అవసరం లేదు. గౌరవ సిద్ధాంతం మూడు చోట్ల నష్టం చేస్తున్నది. మొదటిది నిఘంటువుల్లో. వరుసకు కారణం ముందే తెలుసుననుకొన్నవారు వరుసను నమోదు చేయవలసిన అవసరం చూడరు. ముల్లెమూట, మూటాముల్లె వంటి జంటల్లో ఏది ఏ ప్రాంతపుదో ఆరోపానికి గుర్తుగానైనా నిలవాలి. అది లేకపోవడం వల్ల ఒక ప్రాంతపు వరుస ప్రామాణికమని, మరొకటి పొరపాటని భావించే దారి తెరుచుకొంటుంది. రెండవ నష్టం ఆ దారిలోనే ఉన్నది. నారాయణఖేడ్ వంటి సరిహద్దు ప్రాంతపు విద్యార్థి తన ఊరి వరుసలో రాసిన జంటపదం మూల్యాంకనంలో తప్పు కింద కొట్టివేయబడితే, అది భాషా దోషానికి పడిన శిక్ష కాదు. పరీక్షకుని తెలియనితనానికి విద్యార్థి చెల్లించిన మూల్యం. మూడవది సామాజిక పరిశోధనలో. ‘ఆడామగా’, ‘ఆలుమగలు’ చూపి తెలుగు సమాజం స్త్రీని ముందు నిలిపిందని రాసే వ్యాసం, స్త్రీల వాస్తవ స్థితిని పరిశీలించవలసిన శ్రమను ఒక అచ్చు అక్షరంతో తప్పించుకొంటున్నది.

జంటపదాల మీద పని చేసే పరిశోధకులు వరుసను వివరించే ముందు కొన్ని ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. రెండవ పదం ఒంటరిగా వాడుకలో ఉన్నదా? ‘పుస్తకం గిస్తకం’లోని గిస్తకానికి సొంత అర్థం లేదు కాబట్టి అది వెనుకనే ఉండాలి, అక్కడ వరుస ప్రశ్నే లేదు. నగానట్రా, గొడ్డూగోదా వంటివాటిలో రెండవ మాట ఒంటరిగా వినబడటం మానివేసింది కాబట్టి అవి కూడా దాదాపు ఆ కోవలోనివే. రెండు పదాలూ జీవించి ఉంటే, ఏది పొట్టిది, ఏది అచ్చుతో మొదలవుతుంది? పనుల క్రమం ఏదైనా వరుసలో ఉన్నదా? మరొక ప్రాంతంలో వరుస వేరుగా ఉన్నదా? పొరుగు భాషలో అదే జంట ఎలా ఉన్నది? ఈ ప్రశ్నలన్నీ తీరిన తరువాత కూడా ఏమైనా మిగిలితే అప్పుడు గౌరవాన్ని పిలవవచ్చు. ఇప్పటి వరకు అది పిలవకుండానే వచ్చి ముందు పీటమీద కూర్చున్నది.

‘తల్లిదండ్రులు’ తిరగబడకపోవడానికి తల్లి గొప్పదనం అవసరం లేదు. తల్లి గొప్పదనానికి కూడా ఆ సమాసం అవసరం లేదు. ‘తందెతాయి’ అనే కన్నడిగుని ఇంటిలో తల్లి స్థానం ఏమిటో తెలియాలంటే ఆ ఇంటికి పోయి చూడాలి. సమాసాన్ని విగ్రహం చేసి చూస్తే తెలియదు.